స్నానాలగది అవతలి గోడకు అడ్డంగా బీట, ఎంత పూడ్చినా ఆగడం లేదు

రమణ: ఉదయం నుంచి ఈ గోడతోనే సరిపోయింది. మేస్త్రీ ప్లంబరుదే తప్పంటాడు, ప్లంబరు మేస్త్రీదే అంటాడు. గోడ లోపల వేడినీళ్ల ప్లాస్టిక్ పైపు ఉంది, పడకగది వైపు నడుమెత్తున అడ్డంగా బీట. లప్పం పెట్టి రంగు వేయిస్తే మళ్లీ అక్కడే విచ్చుకుంటోంది. ఏం చేయాలి?

నరసింహారావు: పైపు లీకవుతోందేమో ప్రెషర్ టెస్ట్ చేయించారా?

భాస్కర్: గోడలో ప్లాస్టిక్ పైపులు పెట్టడమే తప్పు. వేడినీళ్లకు మెత్తబడిపోతాయి. జీఐ ఇనుప పైపులు వేయించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

విజయలక్ష్మి: వేడికి మెత్తబడేది యూపీవీసీ అండీ. సీపీవీసీ వేడినీళ్లకూ పనికొస్తుంది. జీఐ తడి గోడలో ఉంటే తుప్పు పడుతుంది. రమణ గారూ, గోడ మందం ఎంత? పైపు ఏది? గాడి ఎటు కొట్టారు?

రమణ: నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. ముప్పావు అంగుళం సీపీవీసీ. గీజరు నుంచి షవరు దాకా అడ్డంగా పది అడుగులు ఉంటుంది.

విజయలక్ష్మి: విషయమంతా అక్కడే ఉంది. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు మించకూడదు. మీ గోడ 115 మి.మీ. కాబట్టి అడ్డంగా 19 దాకానే కొట్టవచ్చు. ఆ పైపు బయటి వ్యాసమే 22. అది లోపల మునిగేలా తవ్వారంటే అవతల మిగిలిన ఇటుక పలచబడినట్టే. పైగా మూడు మీటర్ల సీపీవీసీ 40 డిగ్రీలు వేడెక్కితే 8 మి.మీ. దాకా సాగాలని చూస్తుంది. చుట్టూ సిమెంటు మాలు బిగించి కూరితే ఆ ఒత్తిడంతా గోడకే. బీట పక్కన వేలితో తట్టి చూడండి, ప్లాస్టరు ఇటుకను వదిలి ఉంటే డొల్లగా మోగుతుంది.

నరసింహారావు: ఆ వంతుల లెక్క బరువు మోసే గోడలకు. పిల్లర్ల ఇంట్లో అడ్డుగోడకు వర్తించదు.

విజయలక్ష్మి: ఇల్లు కూలదు, ఒప్పుకుంటాను. బీట మాత్రం పడుతుంది.

సుజాత: మాకూ ఇదే సమస్య. పై స్నానాలగది పైపు చుట్టూ స్లాబులోంచి నీళ్లు కారుతున్నాయి.

విజయలక్ష్మి: మీది వేరమ్మా. స్లాబు దాటేచోట పైపుకు స్లీవు పెట్టి, దాన్ని టైల్స్ పైకి రెండు అంగుళాలు లేపి, మధ్య సందును సాగే సీలెంటుతో నింపాలి. కొత్త ప్రశ్నగా పెట్టండి, ఫొటోతో.

రమణ: డొల్లగానే మోగుతోంది. చెమ్మ కనిపించడం లేదు.

నరసింహారావు: అయినా టెస్ట్ చేయండి. గీజరు విప్పి, వేడి, చన్నీళ్ల కొసలను గొట్టంతో కలిపి, చేతిపంపుతో 5 కేజీల ఒత్తిడి ఎక్కించండి. గంటలో పంపు గేజి ముల్లు దిగితే లీకే.

విజయలక్ష్మి: ముల్లు దిగకపోతే బీటకు అటూ ఇటూ ఆరేసి అంగుళాలు ప్లాస్టరు తీసి, జాలీ కొట్టి మళ్లీ పూయించండి. ఒక్క లప్పంతో ఆగదు.

భాస్కర్: ఎంత చెప్పినా జీఐకి సాటి లేదు.

రమణ: రేపు పంపు తెప్పిస్తాను. థాంక్స్ అండీ.