పక్క ప్లాటతను ఇంజంక్షన్ తెచ్చాడు, కౌంటర్‌లో ఏం ఉండాలి?

కరీంనగర్ రవి
నాన్న పేరు మీద 200 గజాల ప్లాటు ఉంది, 2011లో రిజిస్ట్రేషన్. మున్సిపల్ పర్మిషన్‌తో ఇల్లు మొదలుపెట్టాం. ఫస్ట్ స్లాబ్ పడ్డాక దక్షిణం వైపు ప్లాటతను జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓఎస్, అంటే ఒరిజినల్ సూట్ దావా వేసి, మాకు నోటీసు అందకముందే ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ తెచ్చుకున్నాడు. మేం అతని స్థలంలోకి 3 అడుగులు జరిగామట. పని ఆగింది, బ్యాంకు లోన్ రెండో విడతా ఆగింది. మా లాయరు గారు చూపించిన కౌంటర్‌లో "ప్రైమా ఫేసీ కేసు లేదు, బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియెన్స్ లేదు, ఇర్రిపేరబుల్ లాస్ లేదు" అని ఒకే పేరా ఉంది. అది సరిపోతుందా?

శ్రీను_రియల్టర్
టెన్షన్ పడకు తమ్ముడూ. ఎక్స్‌పార్టీ ఆర్డర్ 30 రోజులే ఉంటుంది. దాటగానే దానంతట అదే పోతుంది. పని మొదలుపెట్టుకో.

వకీలు మామ (ఓరుగల్లు)
రవి గారూ, దయచేసి ఆ పని చేయకండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 3ఎ ప్రకారం 30 రోజుల్లో ఐఏ, అంటే దావాలో వేసిన ఇంజంక్షన్ పిటిషన్ తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి, తేల్చలేకపోతే కారణాలు రాయాలి. ఆర్డర్ చచ్చిపోతుందని ఎక్కడా లేదు. వెంకటసుబ్బయ్య నాయుడు కేసులో (2000) సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, గడువు దాటినా తేల్చకపోతే మీరు అప్పీలుకు వెళ్లొచ్చని. ఆర్డర్ ఉండగా ఒక్క వరుస ఇటుక పేర్చినా అవతలి వాళ్లు రూల్ 2ఎ కింద ఇంకో ఐఏ వేస్తారు. అందులో ఆస్తి జప్తు, 3 నెలల దాకా సివిల్ జైలు ఉన్నాయి. అంతకంటే నష్టం, జడ్జి గారి దగ్గర మీ మాటకు విలువ పోతుంది.

ముందు ఒకటి చెప్పండి. దావా చివర ఆస్తి షెడ్యూల్ ఉంటుంది. అతని సేల్ డీడ్‌లో కొలతలు, షెడ్యూల్‌లో కొలతలు ఒకటేనా?

కరీంనగర్ రవి
ఇప్పుడే పక్కపక్కన పెట్టి చూశాను సార్. సేల్ డీడ్‌లో తూర్పు పడమర 60 అడుగులు, ఉత్తర దక్షిణం 30 అడుగులు, 200 గజాలు. దావా షెడ్యూల్‌లో 200 గజాలనే రాశారు కానీ ఉత్తర దక్షిణం 33 అని ఉంది!

వకీలు మామ (ఓరుగల్లు)
మీ కౌంటర్ ఇక్కడే మొదలవ్వాలి. 33ను 60తో గుణిస్తే 1980 చదరపు అడుగులు, అంటే 220 గజాలు. అతను కొన్నది 200. ఆ అదనపు 20 గజాలకు కాగితం లేదు, ఆ 20 గజాలే మీ గోడ కింద ఉందంటున్నాడు. "ప్రైమా ఫేసీ కేసు లేదు", అంటే పైకి చూస్తేనే అతని కేసులో బలం లేదని పది సార్లు రాసినా జడ్జి గారికి ఏమీ కనబడదు. "పిటిషనర్ సొంత డాక్యుమెంటు ప్రకారమే పిటిషన్ షెడ్యూల్ తప్పు" అని ఒక్క వాక్యం రాసి, రెండు కొలతలూ పక్కన పెడితే కనబడుతుంది.

రెండోది, దావాలో ఆ స్థలాన్ని ఎలా వర్ణించాడు? ఖాళీ జాగా అన్నాడా?

కరీంనగర్ రవి
"వేకెంట్ సైట్, పిటిషనర్ స్వాధీనంలో ఉంది, రెస్పాండెంట్ అక్రమంగా ప్రవేశించడానికి ప్రయత్నిస్తున్నాడు" అని ఉంది. కానీ ఆ తేదీకి మా స్లాబ్ పడి మూడు వారాలైంది.

వకీలు మామ (ఓరుగల్లు)
అయితే అది అసలు విషయం దాచిపెట్టడమే. రూల్ 4 కింద వెకేట్ పిటిషన్ వేరుగా వేయించండి. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పి, అవతలి వాళ్లు లేకుండా ఆర్డర్ తెచ్చుకుంటే కోర్టు దాన్ని రద్దు చేయాలని అక్కడ ఉంది. స్లాబ్ రోజు తీసిన ఫొటోలు, రెడీమిక్స్ బిల్లు, టెంపరరీ మీటరు కాగితం ఆర్1, ఆర్2గా మార్క్ చేయించండి. ఫోన్ ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయండి, లేకపోతే వాదనంతా అక్కడే ఇరుక్కుంటుంది.

డాకెట్‌కు, అంటే కేసులో ఏ రోజు ఏం జరిగిందో కోర్టు రాసుకునే షీటుకు, కాపీ అప్లికేషన్ కూడా పెట్టండి. ఎక్స్‌పార్టీ ఇచ్చాక పిటిషన్, అఫిడవిట్, డాక్యుమెంట్ల కాపీలు వెంటనే మీకు పంపి, పంపినట్టు ఆ రోజో మర్నాడో అఫిడవిట్ వేయాలి. చాలామంది వేయరు, అతను వేశాడో లేదో డాకెట్‌లో చూడండి.

పద్మజ_నిజామాబాద్
సార్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేనూ మా మరిది మీద ఇంజంక్షన్ వేశాను. మా ఆయన పోయాక నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టాలని చూస్తున్నాడు. వాళ్ల కౌంటర్‌లో "నష్టమేమైనా ఉంటే డబ్బుతో తీరుతుంది" అని రాశారు. ఇల్లు పోయాక డబ్బేం చేసుకోను?

వకీలు మామ (ఓరుగల్లు)
అమ్మా, మీది వేరే కేసు. మీరు ఆ ఇంట్లో ఉంటున్నారు. నివాసం పోతే డబ్బుతో తీరదనే కోర్టులు చూస్తాయి. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఇరుగుపొరుగు ఇద్దరి థర్డ్ పార్టీ అఫిడవిట్లు పెట్టించండి. ఆ వాక్యం మీ దగ్గర పనిచేయదు.

రవి గారి దగ్గర పనిచేస్తుంది. తేడా ఎందుకో చెబుతాను. సుప్రీంకోర్టు దల్పత్ కుమార్ కేసు ఎప్పుడూ చదివేదే. తీరని నష్టమంటే సరిచేసే దారే లేదని కాదు, డబ్బుతో తగినంతగా పూడ్చలేనిదని. ఇక్కడ గొడవ 3 అడుగుల పట్టీ మీద. ఆ పట్టీకి దావాలో అతనే విలువ కట్టి కోర్టు ఫీజు కట్టి ఉంటాడు. ఆ అంకె తీసుకోండి. పునాది తవ్వినప్పుడు పక్కనే ఉండి, స్లాబ్ దాకా ఊరుకుని ఇప్పుడు వచ్చాడు. ఈ రెండూ కలిపి రాస్తే ఆ పేరా నిలబడుతుంది.

అనూష_జూనియర్
వరంగల్ స్థలాల మీద వెళ్లిన అనాతుల సుధాకర్ కేసు (2008) కూడా పెట్టొచ్చు కదా సార్? ఖాళీ స్థలమని అతనే అంటున్నాడు, హద్దు మీదే గొడవ. టైటిల్ మీద మబ్బు ఉన్నప్పుడు, హక్కు తనదేనని ప్రకటించే డిక్లరేషన్ అడగకుండా ఉత్త ఇంజంక్షన్ దావా నడవదని వాదించొచ్చు.

వకీలు మామ (ఓరుగల్లు)
పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడకండి. హద్దు తగాదా అయినంత మాత్రాన టైటిల్ తగాదా కాదని అవతలి లాయరు వెంటనే అంటాడు. దావా సవరించుకుని డిక్లరేషన్ కలుపుకుంటే మీ పాయింటు అక్కడితో పోతుంది. కొలతల తేడా అలా పోదు.

కరీంనగర్ రవి
మరి బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియెన్స్, అంటే ఆర్డర్ వల్ల ఎవరికి ఎక్కువ ఇబ్బంది అన్నది, ఎలా చూపాలి సార్?

వకీలు మామ (ఓరుగల్లు)
లోన్ శాంక్షన్ లెటర్, ఇప్పుడు కడుతున్న అద్దె రసీదులు, బయట తుప్పు పడుతున్న స్లాబ్ చువ్వల ఫొటో. అవతల అతనికి ఆగిపోయింది ఏమీ లేదు, జాగా ఖాళీగానే ఉంది. గొడవ 20 గజాల మీదైతే మీ 200 గజాల ఇల్లంతా ఆగింది. అందుకే చివర్లో ప్రత్యామ్నాయంగా అడగండి. ఆర్డర్ ఉంచాలనే కోర్టు అనుకుంటే దాన్ని ఆ పట్టీకే పరిమితం చేయమనండి. కట్టినది నా రిస్కు మీదే, రేపు ఓడితే కట్టేశాను కాబట్టి ఉంచమని ఈక్విటీలు అడగను అని నాన్నగారి చేత అండర్‌టేకింగ్ ఇప్పించండి.

శ్రీను_రియల్టర్
అండర్‌టేకింగ్ ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా?

వకీలు మామ (ఓరుగల్లు)
వితవుట్ ప్రెజుడిస్, అంటే మన వాదనకు భంగం లేకుండా అని రాస్తే కాదు. ఐతే మీ భయంలో కొంత నిజముంది. ప్రతి పేరాలో ఖండించి, చివర ఇది ఒక్కటే ఇస్తే అర్థం ఉంది. ఖండన లేకుండా ఇస్తే బేరానికి వచ్చినట్టే ఉంటుంది.

అనూష_జూనియర్
అడ్వకేట్ కమిషనర్‌ని సర్వేయర్‌తో కలిపి వేయమని మనమే అడిగితే? 33 అడుగుల అబద్ధం టేపుతో తేలిపోతుంది.

వకీలు మామ (ఓరుగల్లు)
నాకైతే భయమే. కమిషనర్ రిపోర్టు వచ్చేదాకా ఐఏ వాయిదా మీద వాయిదా పడుతుంది, ఆర్డర్ మాత్రం పొడిగిస్తూ పోతారు. స్వాధీనం ఎవరిదో తేల్చడానికి కమిషనర్‌ని వేయరు, కొలవడానికైతే వేస్తారు.

అనూష_జూనియర్
మా సీనియర్ మీ అభిప్రాయానికి పూర్తిగా వ్యతిరేకం సార్. కొలత మీద అంత నమ్మకం ఉంటే ముందే అడగాలంటారు. అడగకపోతే భయపడుతున్నారని అవతలివాళ్లు అంటారట.

కరీంనగర్ రవి
మేం ఒకసారి ప్రైవేటు సర్వేయర్‌తో కొలిపించాం. మా ప్లాటు ఉత్తర దక్షిణం 30 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. ఆ 4 అంగుళాలు ఎటునుంచి వచ్చాయో ఆయన చెప్పలేకపోయాడు.

వకీలు మామ (ఓరుగల్లు)
అలాగైతే కమిషనర్ మాట మీ లాయరు గారితో కూర్చుని మాట్లాడాకే. లేఅవుట్ ప్లాన్ సర్టిఫైడ్ కాపీ మున్సిపాలిటీ నుంచి తెప్పించారా?