12 గీతల లైన్ చార్టును విడగొట్టాక వై అక్షం ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. 12 వస్తువుల నెలవారీ అమ్మకాలు, 36 నెలలవి, ఒకే లైన్ చార్టులో గీశాను. నాలుగైదు గీతల వరకు బాగానే ఉంది. ఆ తర్వాత రంగులు కలిసిపోయి, ఏ గీత ఏదో తెలియక ప్రతిసారీ పక్కనున్న రంగుల పట్టీ వైపు చూడాల్సి వస్తోంది.

అందుకే `facet_wrap`తో 12 చిన్న చార్టులుగా విడగొట్టాను. ఒక్కోదాని తీరు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. కానీ పెద్ద వస్తువు నెలకు 9,000 అమ్ముడైతే, చిన్నది 200 దాటదు. అన్నిటికీ ఒకే వై అక్షం పెడితే చిన్నదాని గీత నేలకు అతుక్కుపోతోంది, 120 నుంచి 200కు పెరిగిన సంగతే కనబడదు. `scales = "free_y"` పెడితే ఆ పెరుగుదల కనిపిస్తుంది గానీ, రెండూ సమానంగా ఎగిరినట్టు అనిపిస్తుంది. చూసేవాళ్లు అక్షం మీది అంకెలు చదవరని నా భయం.

ఇంకో నష్టం కూడా ఉంది. 20వ నెలలో ఒక వస్తువు ఇంకోదాన్ని దాటేసింది. పాత చార్టులో ఆ గీతలు ఖండించుకున్న చోటు తెలిసేది, ఇప్పుడు తెలియట్లేదు. ప్రతి చిన్న చార్టులో మిగతా 11 గీతలను లేత బూడిద రంగులో వెనక ఉంచితే సరిపోతుందా? అలా చేస్తే ఉమ్మడి అక్షం తప్పదు కదా, అప్పుడు చిన్న వస్తువుల సంగతేంటి? మొదటి నెలను 100గా తీసుకుని సూచీగా మార్చడమే మేలా? మీరైతే ఏం చేస్తారో దయచేసి చెప్పండి.