పెళ్లి స్పీచ్‌లో మీమ్స్: కుర్రాళ్లతో పాటు పెద్దవాళ్లూ నవ్వాలంటే?

లాస్ట్‌బెంచ్_బుజ్జి (ప్రశ్న):
మా ఫ్రెండ్ పెళ్లికి నేనే తోడిపెళ్లికొడుకుని. నాలుగు నిమిషాలు మాట్లాడాలి, వెనక పెద్ద తెర ఉంటుంది. వాడి అలవాట్ల మీద మా గ్రూపులో మూడొందల మీమ్స్ పోగయ్యాయి. ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలో ఉన్నా" అంటాడు, అలారం మోగినా లేవడు, ఫోన్‌లో చార్జింగ్ ఎప్పుడూ రెండు శాతమే. ముందు వరుసలో కూర్చునేది మాత్రం అమ్మమ్మలు, తాతయ్యలు. మీమ్స్ పెట్టాలా, మానేయాలా? ఒకటే టెన్షన్.

నవ్వులనాని:
టెన్షన్ ఎందుకు బ్రో, బ్రహ్మానందం ముఖాలు పెట్టేయ్. ఆయన్ని చూస్తే పదేళ్ల పిల్లాడూ నవ్వుతాడు, ఎనభై ఏళ్ల తాతయ్యా నవ్వుతాడు. మొత్తం పది స్లయిడ్లు, పని అయిపోతుంది.

మైకు_మావయ్య:
నాని సగం కరెక్టే చెప్పాడు. అందరికీ తెలిసిన ముఖం పెడితే నవ్వు గ్యారంటీ. అయితే ఆ నవ్వు బ్రహ్మానందానికి పోతుంది, పెళ్లికొడుక్కి రాదు. ఒకటి పెట్టు చాలు. పది పెడితే అది స్పీచ్ కాదు, కామెడీ క్లిప్పుల ప్రోగ్రాం.

చాలా ఏళ్లుగా ఫంక్షన్లలో మైకు పట్టుకుంటున్నాను కాబట్టి చెబుతున్నా. మీమ్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి బొమ్మ, రెండోది అలవాటు. కుర్రాళ్లకి రెండూ తెలుసు. పెద్దవాళ్లకి బొమ్మ వెనక కథ తెలియకపోవచ్చు. అలవాటు మాత్రం మీకన్నా వాళ్లకే బాగా తెలుసు, వాణ్ణి పెంచింది వాళ్లే కదా. కాబట్టి జోకు బరువంతా అలవాటు మీదే పెట్టాలి.

ఒక రిసెప్షన్‌లో నా కళ్లముందు జరిగింది చెబుతాను. పక్కన గర్ల్‌ఫ్రెండ్ ఉండగా, ఎదురొచ్చిన ఎర్ర గౌను అమ్మాయి వైపు తల తిప్పి చూసే కుర్రాడి మీమ్ తెలుసుగా. అది 2015లో తీసిన స్టాక్ ఫొటో, 2017లో మీమ్‌గా ప్రపంచమంతా తిరిగింది. మనవాడు గర్ల్‌ఫ్రెండ్ మీద "అలారం" అనీ, ఎర్ర గౌను మీద "ఇంకో పది నిమిషాల నిద్ర" అనీ రాశాడు. ఫోన్‌లో చూస్తే భలే ఉంది. హాల్లో వెనక వరుసలకి ఆ చిన్న అక్షరాలు కనబడలేదు. కనబడిందల్లా ఇంకో అమ్మాయిని చూస్తున్న మగాడు, తెర పక్కనే నిలబడ్డ అసలు పెళ్లికూతురు. పెళ్లికూతురి మేనత్త గట్టిగా అడిగింది: "ఎవరే ఆ ఎర్ర గౌను పిల్ల?" ఆ తర్వాత స్పీచ్ ఎవరూ వినలేదు.

రాసిన మాటలు తీసేస్తే బొమ్మ ఒక్కటే ఏం చెబుతోందో చూసుకో. పెద్దవాళ్లు చదివేది అదే.

పవర్‌పాయింట్_పండు:
ప్రొజెక్టర్ ఎదురుగా లైట్లు ఆపించావా? లేకపోతే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఏమీ కనబడదు. నేను మా ఆఫీసు ప్రెజెంటేషన్లకి ముదురు నీలం వాడతాను.

లాస్ట్‌బెంచ్_బుజ్జి:
పండు బ్రో, లైట్ల సంగతి కాదు, ఏ జోకు వెయ్యాలో అడుగుతున్నా. మావయ్యా, "దారిలో ఉన్నా" మీద మా దగ్గరున్నది బెంచీ మీద ఎదురుచూస్తూ కూర్చున్న అస్థిపంజరం మీమ్. కింద "వాడు ఐదు నిమిషాల్లో వస్తానన్నాక మేము" అని ఉంటుంది. అది పనికొస్తుందా?

మైకు_మావయ్య:
పెళ్లి తెర మీద అస్థిపంజరమా! మీ వాడి అమ్మమ్మ లేచి వెళ్లిపోతుంది నాయనా. బొమ్మ మార్చు, జోకు అదే ఉంచు. వాడు నిజంగా పంపిన మెసేజీలు పెట్టు. 6:10కి "దారిలో ఉన్నా", 6:40కి "దారిలోనే", 7:05కి "లిఫ్ట్‌లో". మూడే ముక్కలు, పెద్ద అక్షరాల్లో. ఇది అర్థం కావడానికి ఎవరికీ ఏ మీమూ తెలియక్కర్లేదు.

వరస కూడా ముఖ్యం. స్లయిడ్ ముందు పడితే కుర్రాళ్లు చదివేసి నవ్వేస్తారు, పెద్దవాళ్లు "ఏంటి, ఏంటి?" అని పక్కవాళ్లని గిల్లుతారు, నువ్వు మాట్లాడేది ఎవరికీ వినబడదు. అందుకని ముందు నోటితో చెప్పు: "మావాడు దారిలో ఉన్నా అన్నాడంటే, తువ్వాలు వెతుక్కుంటున్నాడని అర్థం." వాళ్లమ్మ నవ్వేదాకా ఆగు. అప్పుడు స్లయిడ్ వెయ్యి. రెండో నవ్వు కుర్రాళ్లది. నాలుగు నిమిషాలకి ఇలాంటివి మూడు చాలు.

ఆడపడుచు_అనుభవం:
మా తమ్ముడి పెళ్లిలో వాడి ఫ్రెండు ఇలాగే నిద్ర జోకులు మూడు వేశాడు. మా వైపు అందరం పడీపడీ నవ్వాం. మా మరదలి నాన్నగారు మాత్రం నవ్వలేదు. ఏడాది తర్వాత కూడా "అల్లుడుగారు లేచారా?" అని ఫోన్లో అడుగుతున్నారు. జోకు అంటే జోకులాగే తీసుకోవాలి కదండీ, ఆయనది మరీ విడ్డూరం.

రిటైర్డ్_లెక్కలమాస్టారు:
అమ్మా, ఆయనది విడ్డూరం కాదు. అదే మాట మీకు పరాచికం, వియ్యాలవారికి సమాచారం. మీవాడు ఎలాంటివాడో వాళ్లకి ఇంకా పూర్తిగా తెలియదు. ఆ రోజు మైకులో విన్నదే వాళ్ల మొదటి సాక్ష్యం.

బుజ్జీ, ముందుగా ఒక మాట. పెద్దవాళ్లకి మీమ్స్ అర్థం కావని మీరంతా తీర్మానించేసినట్టున్నారు. నాకు అరవై ఎనిమిదేళ్లు, రోజుకి ఇరవై ఫార్వర్డులు వస్తాయి. మాకు అర్థం కాక నవ్వకపోవడం తక్కువ, అర్థమై నవ్వకపోవడమే ఎక్కువ.

ఏ అలవాటు వాడొచ్చు అంటే నా కొలత ఇది: వాళ్లమ్మ పక్కింటావిడకి నవ్వుతూ చెప్పుకునే అలవాటైతే వాడు. గొంతు తగ్గించి చెప్పేదైతే వదిలెయ్యి. తాగుడు, అప్పులు, పాత ప్రేమలు, ఉద్యోగం మానేసిన సంగతులు అన్నీ రెండో రకమే. చార్జింగ్ రెండు శాతం నిక్షేపంలాంటి జోకు, దానివల్ల ఎవరి పరువూ పోదు. అలారం జోకు మాత్రం నేనైతే వెయ్యను. సోమరి అనిపిస్తుంది.

మైకు_మావయ్య:
అలారం దగ్గర మాస్టారితో ఒప్పుకోలేను. ఎలా ముగిస్తావన్నదే అసలు సంగతి. "నాలుగు అలారాలకి లేవనివాడు, ఆవిడ ఒక్క మెసేజీ పెడితే తెల్లారి ఐదుకి స్టేషన్‌లో నిలబడ్డాడు" అంటే సోమరి ఎలా అవుతాడు? పైగా గ్లాసులు ఎత్తే ముందు చెప్పాల్సిన ప్రేమ మాటకి అదే దారి తీస్తుంది.

రిటైర్డ్_లెక్కలమాస్టారు:
ఆ రెండో సగం నిజంగా జరిగి ఉంటేనే సుమా. కల్పిస్తే పెళ్లికూతురికే మొదట తెలుస్తుంది.

ఆడపడుచు_అనుభవం:
ముందు రోజే పెళ్లికూతురికి చూపించేస్తే సరి. పెళ్లికొడుక్కి చూపిస్తే అన్నీ కొట్టేస్తాడు.

నవ్వులనాని:
పెళ్లికూతురికి చూపిస్తే సర్‌ప్రైజ్ ఏముంటుంది?

మైకు_మావయ్య:
సర్‌ప్రైజ్ అవ్వాల్సింది వాడు, ఆవిడ కాదు.

లాస్ట్‌బెంచ్_బుజ్జి:
నిన్న మా నానమ్మకి ఫోన్ చేసి, బొమ్మలు లేకుండా పన్నెండు జోకులు చదివి వినిపించా. నాలుగింటికి నవ్వింది. ఒకదానికి "ఆ అబ్బాయికి ఒంట్లో బాగుండదా?" అని అడిగింది, అది తీసేశా. తువ్వాలు జోకుకి మాత్రం మా తాతయ్యని కూడా పిలిచి చెప్పింది. కాబట్టి అదీ, చార్జింగూ ఖాయం. స్టేషన్ సంగతి నిజంగానే జరిగింది, కాకపోతే ఐదుకి కాదు, ఐదూ నలభైకి వచ్చాడట. పెళ్లికూతురే చెప్పింది. అలారం జోకు ఉంచాలో తీసెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

చివర్లో ఇలా అనుకుంటున్నా: "వీణ్ణి పదిహేనేళ్లుగా చూస్తున్నా, ముందుగా వచ్చి కూర్చోవడం ఇవాళే చూశా. ఆ అమ్మాయి కోసమే." కానీ వాడు పెళ్లికి కూడా లేటుగా వస్తే?

రిటైర్డ్_లెక్కలమాస్టారు:
అప్పుడు మైకు పట్టుకుని "వాడు దారిలో ఉన్నాడు" అను. ఇక స్లయిడ్లు కూడా అక్కర్లేదు.