లాక్ చేసిన స్క్రిప్టులో క్లయింట్ మార్పు తీసుకోవాలా?

రైటర్_వైజాగ్: 40 సెకన్ల గోల్డ్ లోన్ యాడ్. వెర్షన్ 4కి క్లయింట్ మార్కెటింగ్ వాళ్లు మెయిల్లో ఓకే అన్నారు, లాక్ చేశాం. ఎల్లుండి షూట్ అనగా వాళ్ల లీగల్ నుంచి వర్డ్ ఫైల్ వచ్చింది, ఒక్కటే మార్పు అంటున్నారు. తీసుకోవాలా?

సాగర్_ప్రొడక్షన్: తీసుకోవద్దు బ్రదర్. మాకు ఒకసారి షూట్ రోజు పొద్దున్నే డైలాగ్ మార్చారు. అదే మాట ఉన్న సెట్ బోర్డు మళ్లీ ప్రింట్ చేయించి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, ఆర్టిస్ట్ కాల్షీట్ అయిపోయింది. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

పద్మజ_కె: ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లోనే ఉంటుంది కదా, ఎర్రగా ఉన్నవి చూసి యాక్సెప్ట్ కొట్టేయండి.

శేషు_ఏడీ: ఎర్రగా కనిపించినవే మార్పులని నమ్మకండి పద్మజగారూ. ట్రాకింగ్ ఆపేసి టైప్ చేస్తే ఏ గుర్తూ ఉండదు. Review ట్యాబ్‌లో Compare తెరిచి, ఒరిజినల్‌గా మీరు లాక్ చేసిన ఫైలు, రివైజ్డ్‌గా వాళ్లు పంపింది ఇవ్వండి.

రైటర్_వైజాగ్: చేశానండీ, మూడు వచ్చాయి! వాయిస్ ఓవర్‌లో "అతి తక్కువ వడ్డీ" తీసేశారు, ఎర్రగా ఉన్నది ఇదొక్కటే. మేనేజర్ డైలాగ్‌లో "పది నిమిషాల్లో" బదులు "త్వరగా" అని పెట్టారు. చివర్లో షరతుల లైను కలిపారు.

శేషు_ఏడీ: వాయిస్ ఓవర్ డబ్బింగ్‌లో, షరతుల లైను ఎడిట్‌లో చూసుకోవచ్చు. మేనేజర్ మాట మాత్రం పెదాల మీద పడుతుంది, షూట్‌కి ముందే తేలాలి. ఆయన వెనక బోర్డు మీద కూడా "10 నిమిషాలు" ఉందేమో చూడండి. వెర్షన్ 4ని అలాగే ఉంచి, 5ని వేరే ఫైలుగా చేయండి, మారిన లైన్ల పక్కన మార్జిన్‌లో స్టార్ గుర్తు పెట్టండి. సీన్ నంబర్లు కదపొద్దు, షెడ్యూల్ వాటి మీదే వేసి ఉంటారు. కొత్త సీన్ వస్తే 3A అనాలి తప్ప 4 అనకూడదు.

కృష్ణ_అసోసియేట్: మా సినిమా సెట్లో డైరెక్టర్‌గారు పొద్దున్నే డైలాగ్ రాసిస్తారు, లాకూ లేదు ఏమీ లేదు.

సాగర్_ప్రొడక్షన్: అక్కడ రాసేదీ ఓకే చేసేదీ ఒక్కరే. ఇక్కడ అలా కాదు. శేషుగారూ, ఇన్ని చెప్పి చివరికి మార్పు ఒప్పుకోమనే కదా మీరనేది? జేబులోంచి పోతే తెలుస్తుంది.

శేషు_ఏడీ: లీగల్ వద్దన్న మాట షూట్ చేసి ఏం చేస్తారండీ? ఆ యాడ్ బయటికే రాదు.

సాగర్_ప్రొడక్షన్: రాకపోతే రాకపోనీ! మార్కెటింగ్ ఓకే ఇచ్చింది కాబట్టి ఖర్చు వాళ్లది. నా గొడవ ఫైలు గురించి కాదు. లాక్ అయ్యాక మారితే డబ్బు ఎవరిస్తారో ముందే రాయించుకోరు, చివరికి మా నెత్తిన పడుతుంది.

శేషు_ఏడీ: అది న్యాయమే. లాక్ మెయిల్లోనే లీగల్ చూశారా, ఎవరి ఓకే ఫైనల్ అని అడగాలి. కానీ ఎల్లుండి షూట్‌కి ఆ మాట పనికిరాదు.

రైటర్_వైజాగ్: బోర్డు ప్రింటింగ్ ఆపించాను, దాని మీద అదే అంకె ఉంది. వెర్షన్ 5, కొత్త బోర్డు ఖర్చు రాసి మార్కెటింగ్‌కీ లీగల్‌కీ ఒకే మెయిల్లో పంపాను. ఇంకా జవాబు లేదు.

శేషు_ఏడీ: రాకపోతే మేనేజర్ డైలాగ్ రెండు రకాలుగానూ తీసుకోండి, అంకె లేని బోర్డుతో.

సాగర్_ప్రొడక్షన్: ఆ బోర్డు డబ్బులు మెయిల్లో ఒప్పుకున్నాకే ప్రింట్‌కి ఇవ్వు. నేనైతే అంతే చేస్తా.