గూగుల్ యాడ్స్ ఉచిత సర్టిఫికెట్లకు బెంగళూరు ఏజెన్సీల్లో విలువ ఉందా?

హిందూపురం_కుర్రాడు

బి.కామ్ అయింది, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నా. గూగుల్ ఉచిత శిక్షణ సైట్ స్కిల్‌షాప్‌లో సెర్చ్, డిస్‌ప్లే, వీడియో, మెజర్‌మెంట్ నాలుగూ పాసయ్యా. హబ్‌స్పాట్‌ది ఒకటి ఉంది. రెండు నెలల్లో ముప్పైకి పైగా ఏజెన్సీలకు రెజ్యూమె పంపితే మూడు ఫోన్లు వచ్చాయి, మూడూ ఇంటర్వ్యూ దగ్గరే ఆగిపోయాయి. ఫ్రీగా వచ్చే సర్టిఫికెట్‌ను వీళ్లు అసలు చూస్తారా? ఇంకో రెండు చేయమంటారా, ఆపేయమంటారా?

బ్యాడ్జ్_బాబు

చూడకుండా ఎలా ఉంటారు బ్రో? గూగుల్ పార్ట్‌నర్ బ్యాడ్జ్ ఉన్న ఏజెన్సీలో యాడ్స్ చూసే ప్రతి ఒక్కడికీ సర్టిఫికెట్ ఉండాలి. ఒక్కడికి లేకపోయినా బ్యాడ్జ్ పీకేస్తారు. నువ్వు పార్ట్‌నర్ ఏజెన్సీలకే అప్లై చెయ్, నాలుగున్నాయి కదా, వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

కోరమంగళ_యాడ్స్

బాబూ, సగం సరిగ్గానే చెప్పావు. సర్టిఫికెట్ లెక్క ఉంది, కానీ అందరికీ అక్కర్లేదు. అకౌంట్లు చూసేవాళ్లలో కనీసం సగం మందికి ఉంటే చాలు. దాంతో పాటు 90 రోజుల్లో ఏజెన్సీ చూసే అకౌంట్లన్నీ కలిపి 10,000 డాలర్ల ఖర్చు, అకౌంట్లు ఎంత బాగా సెట్ చేశారో చూసి గూగుల్ ఇచ్చే ఆప్టిమైజేషన్ స్కోర్ 70 శాతం కూడా ఉండాలి.

ఈ సగం లెక్క వల్లే అప్పుడప్పుడు సర్టిఫికెట్‌కు గిరాకీ వస్తుంది. మా టీమ్‌లో ఒకసారి ఇదే జరిగింది. అకౌంట్లు చూసేవాళ్లం ఎనిమిది మందిమి, సర్టిఫికెట్ ఉన్నది నలుగురికి. అంటే సరిగ్గా సగం. ఆ నలుగురిలో ఒకతను మానేశాడు. సర్టిఫికెట్ మనిషిదే కాబట్టి అతనితోనే పోయింది. మిగిలింది ఏడుగురం, సర్టిఫికెట్లు మూడు, 43 శాతం కూడా లేదు. అదే వారం ఒక పెద్ద క్లయింట్‌కు ప్రెజెంటేషన్, మొదటి స్లైడ్‌లోనే బ్యాడ్జ్ బొమ్మ. మా బాస్‌కు టెన్షన్.

ఏం చేశారనుకుంటున్నారు? సర్టిఫికెట్ ఉన్న కొత్త మనిషిని తీసుకున్నారా? లేదు. శుక్రవారం సాయంత్రం మాలో ఇద్దరిని కూర్చోబెట్టి పరీక్ష రాయించారు. 80 శాతం వస్తే పాస్, పోతే ఒక రోజు ఆగి మళ్లీ రాయొచ్చు. ఒకమ్మాయి అదే రోజు పాసైంది, ఇంకొకతను ఆదివారానికి. బ్యాడ్జ్ నిలబడింది. పరీక్షను ఏజెన్సీ గూగుల్ యాడ్స్ మేనేజర్ అకౌంట్‌లో యాక్సెస్ ఉన్న మెయిల్‌తోనే రాయాలి. ఇద్దరిలో ఒకరు సొంత మెయిల్‌తో రాసేసి లెక్కలోకి రాక మళ్లీ రాయాల్సి వచ్చింది, అది వేరే గోల.

చెప్పొచ్చేదేంటంటే, ఏజెన్సీకి అవసరమైతే రెండు రోజుల్లో పైసా ఖర్చు లేకుండా తెప్పించుకోగలదు. అలాంటిదానికి జీతంలో ఎవరు వెల కడతారు? పైగా ఏడాదికి గడువు తీరిపోతుంది. నువ్వు నాలుగు పాసయ్యావంటే కూర్చుని చదివే ఓపిక ఉందని అర్థమవుతుంది, అంతే. అది కూడా చిన్న విషయమేం కాదులే.

పచారీ_కొట్టు

అందరికీ నమస్కారం. నాకు బొమ్మనహళ్లిలో చిన్న సరుకుల కొట్టు ఉంది. నిన్న ఎవరో ఫోన్ చేసి గూగుల్ బ్యాడ్జ్ పెట్టిస్తాం, 15,000 కట్టండి, మ్యాప్‌లో మొదట మీదే కనిపిస్తుంది అన్నారు. మీరు మాట్లాడుకునే బ్యాడ్జ్ ఇదేనా? కట్టొచ్చా?

కోరమంగళ_యాడ్స్

వద్దు అన్నా, కట్టకండి. మేం మాట్లాడేది యాడ్స్ నడిపే ఏజెన్సీల బ్యాడ్జ్, కొట్లకు ఇచ్చేది కాదు. మ్యాప్‌లో మీ కొట్టు పేరు నమోదు చేసుకోవడానికి గూగుల్ డబ్బు తీసుకోదు. మొదటి స్థానం అమ్మే పథకం కూడా ఏమీ లేదు. ఆ నంబర్ బ్లాక్ చేయండి.

రెండో_ఇన్నింగ్స్

కోరమంగళ అక్క చెప్పింది ఏజెన్సీ లోపల కూర్చున్నవాళ్ల లెక్క. బయట నిలబడ్డవాళ్లకు వేరేలా కనిపిస్తుంది. బాబు పుట్టాక నాలుగేళ్లు ఇంట్లో ఉన్నాను. తిరిగి ప్రయత్నిస్తే రెజ్యూమె ఎవరూ ముట్టలేదు. సెర్చ్ సర్టిఫికెట్ చేసి, దాని లింక్ జాబ్ పోర్టల్ ప్రొఫైల్‌లో పైన పెట్టాక హెచ్‌ఆర్ దగ్గర నుంచి ఫోన్లు రావడం మొదలైంది. ఒకావిడను అడిగితే నిజాయితీగానే చెప్పింది: "మాకు యాడ్స్ గురించి తెలియదు మేడమ్, టీమ్ వాళ్లు ఇచ్చిన మాటలు వెతుకుతాం, అందులో గూగుల్ యాడ్స్ సర్టిఫైడ్ అని ఉంది." నాకు ఉద్యోగం ఇచ్చింది సర్టిఫికెట్ కాదు, కానీ అది లేకపోతే నా పేరు ఎవరి కంటా పడేది కాదు.

కోరమంగళ_యాడ్స్

ఒప్పుకుంటాను. హెచ్‌ఆర్ గేటు దాటడానికి పనికొస్తుంది. కానీ కుర్రాడికి మూడు ఫోన్లు వచ్చాయి, అంటే గేటు దాటాడు. ఆగింది లోపల. తమ్ముడూ, ఇంటర్వ్యూలో ఏం అడిగారో చెప్పు.

హిందూపురం_కుర్రాడు

రెండు చోట్ల స్క్రీన్ మీద ఒక అకౌంట్ చూపించి "ఇందులో ఏం తేడా ఉంది?" అన్నారక్కా. నేను బిడ్డింగ్ మార్చాలి, యాడ్ కాపీ మార్చాలి అన్నాను. వాళ్లు తలూపి పంపించేశారు.

కోరమంగళ_యాడ్స్

అదే అనుకున్నాను. నేను కూడా అలాంటి షీటే పెడతాను. ఒకటి చూపిస్తాను, క్లయింట్ పేరు తీసేశాను, ఒక పళ్ల క్లినిక్.

నెల ఖర్చు 42,000 రూపాయలు. అకౌంట్‌లో కన్వర్షన్లు, అంటే యాడ్ నుంచి వచ్చి ఫారం నింపినట్టు పడిన లెక్క, 96. ఒక్కోదానికి సుమారు 437 రూపాయలు. రిపోర్ట్ చూస్తే ముచ్చటగా ఉంది. క్లినిక్ రిసెప్షన్‌లో ఆవిడ మాత్రం యాడ్ నుంచి వచ్చిన ఫారాలు 41 అని రిజిస్టర్ చూపిస్తుంది. ఎవరు నిజం?

ఎక్కువమంది యాడ్ కాపీ దగ్గరికో కీవర్డ్‌ల దగ్గరికో పరుగెత్తుతారు. కానీ ఇక్కడ ముందు అనుమానించాల్సింది లెక్కను. Goals కింద Summary తెరిస్తే ఫారానికి రెండు కన్వర్షన్ యాక్షన్లు కనిపిస్తాయి. ఒకటి థాంక్యూ పేజీలో పెట్టిన గూగుల్ యాడ్స్ ట్యాగ్‌ది, ఇంకోటి అనలిటిక్స్ నుంచి తెచ్చుకున్నది. రెండూ Primary, అంటే రెండూ కన్వర్షన్ల లెక్కలో పడేవే. అలా ఒక్క ఫారం రెండుసార్లు పడుతోంది. 41 ఫారాలకు 82. మరి మిగతా 14? రెండింటికీ Count దగ్గర Every అని ఉంది. ఫారం నింపినవాళ్లు థాంక్యూ పేజీని మళ్లీ తెరిచిన ప్రతిసారీ ఇంకోటి పడింది. అలా ఏడుసార్లు, రెండు యాక్షన్లలో కలిపి 14. మొత్తం 96. అసలు ఖర్చు ఫారానికి 437 కాదు, 1,024.

అసలు నష్టం అక్కడితో ఆగదు. ఆ అకౌంట్ టార్గెట్ సీపీఏ మీద నడుస్తోంది, అంటే ఒక్కో కన్వర్షన్‌కు ఇంత ఖర్చు అని మనం చెప్తే సిస్టమే బిడ్ వేస్తుంది. లెక్క రెట్టింపు పైగా కనిపిస్తుంటే క్లిక్‌లు చవగ్గా ఫలితమిస్తున్నాయని సిస్టమ్ నమ్మి ఇంకా ఎక్కువ బిడ్ వేస్తుంది. ఒకదాన్ని Secondary చేసి, Count ని One కి మార్చితే మొదటి వారాల్లో కన్వర్షన్లు సగానికి పడిపోయినట్టు కనిపిస్తాయి. పాత టార్గెట్ అలాగే ఉంచితే అది అందక యాడ్‌లు కనబడటమే తగ్గుతుంది. కాబట్టి టార్గెట్‌ను కూడా సరిచేయాలి, క్లయింట్‌కు ముందే చెప్పాలి. ఇంటర్వ్యూలో "క్లయింట్‌కు ఏమని చెప్తావు?" అనే ప్రశ్న దాకా వచ్చినవాళ్లను నేను వదలను, సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా.

బ్యాడ్జ్_బాబు

ఇది మెజర్‌మెంట్ సర్టిఫికెట్‌లో ఉంది కదా! Primary, Secondary తేడా అందులోనే చదివాను.

కోరమంగళ_యాడ్స్

ఉంది. నువ్వు చదివావు, కుర్రాడూ చదివాడు. స్క్రీన్ మీద పెడితే గుర్తుపట్టలేదు. పరీక్షలో ప్రశ్నే "ఇక్కడ కన్వర్షన్ లెక్క గురించి" అని మొదలవుతుంది, సమాధానం సగం అందులోనే దొరుకుతుంది. అకౌంట్‌లో ఎవరూ అలా చెప్పరు. పైగా పరీక్ష జవాబులు నెట్‌లో దొరుకుతున్నాయని మాకూ తెలుసు, మా టీమ్ పిల్లలే చెప్పారు.

ఇందిరానగర్_చిన్న_ఏజెన్సీ

నాకు ఆరుగురి టీమ్, పార్ట్‌నర్ బ్యాడ్జ్ లేదు, సర్టిఫికెట్ అడగను. ఒక మాట మాత్రం చెప్పాలి. సర్టిఫికెట్ చదువులో సమాధానాలు చాలావరకు గూగుల్ వైపు నుంచి ఉంటాయి: బ్రాడ్ మ్యాచ్ పెట్టు, స్మార్ట్ బిడ్డింగ్ పెట్టు, బడ్జెట్ చాలట్లేదు పెంచు. రోజుకు 800 రూపాయలు పెట్టే క్లయింట్ దగ్గర అలా చేస్తే డబ్బు కాలిపోతుంది. నాలుగు సర్టిఫికెట్లతో వచ్చినవాళ్లు ఇదే పాట పాడటం చూశాను. అందుకే నాకు ఒక్కోసారి సర్టిఫికెట్ ఎక్కువ ఉంటే అనుమానమే.

రెండో_ఇన్నింగ్స్

అది కాస్త అన్యాయం అన్నా. అవకాశం దొరకనివాళ్లు ఇంకెక్కడ నేర్చుకుంటారు? క్లయింట్ డబ్బుతో ఆడుకోనివ్వరు, సొంత డబ్బు ఉండదు, మిగిలింది ఉచిత కోర్సే.

ఇందిరానగర్_చిన్న_ఏజెన్సీ

మాట నిజమే, కానీ మార్గం ఉంది. ఏదైనా స్వచ్ఛంద సంస్థ దగ్గరికి వెళ్లి గూగుల్ యాడ్ గ్రాంట్స్ గురించి చెప్పు. అర్హత వస్తే సెర్చ్ యాడ్‌ల కోసం నెలకు 10,000 డాలర్ల వరకు ఉచితంగా ఇస్తారు. అది నడిపేవాళ్లు దొరకక చాలా సంస్థలు వదిలేస్తాయి. క్లిక్ త్రూ రేట్, అంటే యాడ్ కనిపించిన వాటిలో క్లిక్ అయినవి, 5 శాతం కింద పడకుండా చూసుకోవాలి, ఆ నియమమే మంచి శిక్షణ. అలా ఆరు నెలలు నడిపినవాణ్ణి నేను వెంటనే పిలుస్తాను.

హిందూపురం_కుర్రాడు

పది రోజుల తర్వాత మళ్లీ వచ్చా. మా బావకు హోసూర్ రోడ్డులో బైక్ సర్వీస్ షాపు ఉంది. బతిమాలితే 3,000 ఇచ్చాడు. రోజుకు 300 పెట్టి సెర్చ్ యాడ్ వేశా. నిన్న సెర్చ్ టర్మ్స్ చూస్తే కళ్లు తిరిగాయి. "bike service center jobs" అని వెతికినవాళ్లు, "second hand bike" అని వెతికినవాళ్లు, వీళ్లకే 1,100 దాకా పోయింది. ఆ మాటలకు యాడ్ కనిపించకుండా రెండూ నెగెటివ్‌లలో వేశా. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి, మొదటి రోజే ఎందుకు గుర్తు రాలేదో.

కోరమంగళ_యాడ్స్

మొదటి రోజు ఎవరికీ గుర్తు రాదులే. ఆ స్క్రీన్‌షాట్ దాచుకో, రెజ్యూమెలో అది పెట్టు. ఒకటి అడుగుతా, లొకేషన్ ఆప్షన్స్ చూశావా? బెంగళూరు అని పెడితే చాలదు. మామూలుగా అది `Presence or interest` మీద ఉంటుంది. బెంగళూరులో లేకపోయినా బెంగళూరు మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా కనిపిస్తుంది. బైక్ సర్వీసుకు వేరే ఊరి నుంచి ఎవరొస్తారు?

హిందూపురం_కుర్రాడు

ఇప్పుడే తెరిచి చూశానక్కా, అలాగే ఉంది. అనంతపురం నుంచి ఏడు క్లిక్‌లు వచ్చాయి. బావకు చెప్పలేదు.