పెండ్లిచూపుల తర్వాత తొలి మెసేజ్‌లో ‘నచ్చారు’ అనొచ్చునా?

ప్రొద్దుటూరు తమ్ముడు: ఆదివారం కడపలో పిల్లను చూసేకి పోయింటిమి. మిద్దె మీద ఇద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. ఆమె బ్రౌన్ లైబ్రరీకి తరచూ పోతాదంట. నంబరు వాళ్లన్న ఇచ్చినాడు, ఆమెను అడిగే ఇచ్చినాడు. ఇంగా రెండిండ్లలోనూ ఏ మాటా తేలలేదు. ఇది రాసి పెట్టుకున్నా, పంపలేదు:

“నమస్తే అండి. నాకు మీరు చాలా నచ్చారు. మీ అభిప్రాయం తెలియజేయగలరు. మీ రిప్లై కోసం ఎదురుచూస్తుంటాను.”

ఆ పిల్ల ఇబ్బంది పడే మాటలేమన్నా ఉంటే చెప్పండి.

ఆదోని అన్న: ‘తెలియజేయగలరు’ తీసేయ్ అబ్బా, కరెంటు ఆఫీసు నోటీసు మాదిరి ఉండాది. ‘నచ్చారు’ మాత్రం ఉండనీ. ‘మీరు’ అన్నావు, ‘అండి’ పెట్టినావు, మర్యాదకేం తక్కువ?

కడప టీచరమ్మ: మర్యాదకు తక్కువ లేదు. ఒత్తిడే ఎక్కువైంది. ‘నచ్చింది’ అని చీరను చూసీ అంటాం, సినిమా చూసీ అంటాం. పిల్లను చూసి వచ్చినాక మాత్రం ఆ మాటకు ఒకటే అర్థం, సంబంధానికి ఒప్పుకున్నామని. ‘పిల్ల నచ్చిందంట’ అని చెవిన పడితే మధ్యవర్తి తాంబూలాల మాట ఎత్తుతాడు. నువ్వు ఊరికే ఇష్టం చెప్పినాననుకుంటావు, ఆ పిల్ల అవునో కాదో తేల్చాల్సి వస్తుంది. దాని కిందనే ‘మీ అభిప్రాయం’ అని అడిగినావు, ఆపైన ‘ఎదురుచూస్తుంటా’ అన్నావు. ఆమెకు ఊపిరి తీసుకునే సందేదీ? మనిషిని వదిలి, ఆమె చెప్పిన మాటను పట్టుకో.

కోడుమూరు పెద్దాయన: ఇదంతా ఎందుకు నాయనా? ‘మా వైపు నుంచి అభ్యంతరం లేదు’ అని మీ నాయనతో ఫోన్ చేయించు. అట్లే చెప్పుకునేది మా కాలంలో.

ధర్మవరం అక్క: పెద్దాయనా, అది ఇంటికీ ఇంటికీ మధ్య మాట. ఈ తమ్ముడు అడిగేది వేరే.
నా సంగతి చెప్తా. మాది తెనాలి. మా ఆయన పెట్టిన మొదటి మెసేజ్ ‘తింటిరా?’. ఈ వైపు అది ‘తిన్నారా’ అని అప్పుడు నాకేం తెలుసు! చివరి ‘రా’ చూసి, పరిచయమే లేదు అప్పుడే ‘రా’ అంటాడేంటని మా అమ్మకు చూపించాను. మీ ఇద్దరిదీ ఒకే జిల్లా, ఆ బాధ లేదులే.

ప్రొద్దుటూరు తమ్ముడు: మార్చినా, చూడండి:

“నమస్తే అండి. ఆదివారం మీ ఇంటికి వచ్చినాం కదా, ఆ అబ్బాయిని. మిమ్మల్ని అడిగే మీ అన్న నంబరు ఇచ్చినారు. బ్రౌన్ లైబ్రరీ గురించి మీరు చెప్తా ఉంటే మధ్యలోనే కిందికి పిలిచినారు. అక్కడ ఏమేం చదువుతారో అడగాలనుకున్నా, కుదరలేదు. వీలు చూసుకుని చెప్పండి.”

ఆదోని అన్న: బ్రౌన్ పేరు వచ్చింది కాబట్టి వేమన పద్యం ఒకటి కలుపు. 1829లో అచ్చేయించింది ఆయనే కదా.

కడప టీచరమ్మ: బ్రౌన్ సంగతి నిజమే. పద్యం మాత్రం వద్దు, పరీక్ష పెడతాండావని అనుకుంటాది.
నంబరు ఎట్లా వచ్చిందో చెప్పడం మంచిది, అనుమానం ఉండదు. ‘కుదరలేదు’ కూడా బాగుండాది. ‘అడగలేకపోయినా’ అని ఉంటే ఓదార్చాల్సిన పని ఆమె మీద పడేది. చిక్కంతా చివరి వాక్యంతోనే. ‘వీలు చూసుకుని చెప్పండి’ అంటే చెప్పడం ఖాయమైపోయింది, ఎప్పుడనేదే ఆమె ఇష్టం. ‘వీలైతే’ అంటే, చెప్పకపోతే వీలు కాలేదని ఒక సాకు వెతుక్కోవాల. ‘చెప్పాలనిపిస్తే’ అను, సాకు అక్కరలేదు.

ఆదోని అన్న: దాన్ని నేనొప్పుకోను. ‘చెప్పాలనిపిస్తే’లో పోతే పోనీ అన్నట్టు ఉండాది. ఈ పిల్లోనికే ఆశ లేదనుకుంటే?

కడప టీచరమ్మ: ‘అడగాలనుకున్నా’లో ఆశ ఉంది కదప్పా. అయినా నువ్వన్నట్టు చదివేవాళ్లూ ఉంటారు, కాదనను.

ధర్మవరం అక్క: నేనైతే ఆ వాక్యమే తీసేస్తా. ‘కుదరలేదు’ దగ్గర ఆపితే, అడిగినట్టూ ఉంటుంది, అడగనట్టూ ఉంటుంది.

ప్రొద్దుటూరు తమ్ముడు: అక్క చెప్పినట్టు చివరిది తీసేసి పంపినా. జవాబు రాకపోతే రేపు ‘గుడ్ మార్నింగ్’ పెట్టొచ్చునా?

కడప టీచరమ్మ: వద్దు. రాసింది చాలు. జవాబొచ్చి, అందులో తిరిగి నిన్నేమన్నా అడిగితే మాట సాగించు. ‘నవలలు అండి’ అని ఒక ముక్క రాసి ఊరుకుంటే నువ్వు కూడా ‘సరేనండి’ అని ఆగు. తక్కింది పెద్దోళ్లు మాట్లాడుకుంటారు.

కోడుమూరు పెద్దాయన: అంతా బాగుండాది గానీ, జాతకాలు చూపిస్తిరా లేదా?

ధర్మవరం అక్క: చూశారా, మళ్లీ ‘రా’!