అప్‌డేట్: పత్తి పైసలు యాప్‌లో ఉన్నయి, పాస్‌బుక్‌లో లేవు

అప్పుడు అడిగింది: "ఎనుమాముల మార్కెట్‌ల అమ్మిన పత్తి పైసలు యాప్‌లో కనిపిస్తున్నయి, కానీ బాపు పాస్‌బుక్‌లో, ఏటీఎం మినీ స్టేట్‌మెంట్‌లో లేవు, ఎందుకు?"

కారణం దొరికింది. పాస్‌బుక్‌ల చివరి లైన్ తేదీ చూడమన్న అన్నకు థ్యాంక్స్, అదే పనిచేసింది. ప్రింటింగ్ మెషిన్ కొత్త ఎంట్రీలతోటి మొదలుపెట్టదట, పోయినసారి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పాతయి వరుసగా కొట్టుకుంట వస్తది. బాపు చాయ్‌కి, ఎరువుల దుకాణానికి అన్నిటికీ ఫోన్‌పే కొడ్తడు కదా, ఆ చిన్న చిన్న ఎంట్రీలతోనే పేజీ నిండిపోయింది, స్క్రీన్ మీద పేజీ తిప్పమని వచ్చింది, ఈయనేమో అయిపోయిందనుకొని బుక్ గుంజుకున్నడు. అందుకే చివరి లైన్‌ల తేదీ పత్తి అమ్మకముందుది, పక్కన బ్యాలెన్స్ కూడా ఆ రోజుదే. పేజీ తిప్పి మళ్లీ పెడితే మిగతాయన్నీ వచ్చినయి, పత్తి పైసలతో సహా.

మినీ స్టేట్‌మెంట్ సంగతి వేరే, దాంట్లో ఆఖరి పది లోపు ఎంట్రీలే వస్తయి, తర్వాత చేసిన ఫోన్‌పేలు పత్తి క్రెడిట్‌ను కిందికి నెట్టేసినయి. అయితే కింద బ్యాలెన్స్ మాత్రం యాప్‌తో సరిగ్గ కలిసింది.

కేవైసీ, సర్వర్ డౌన్ అన్నరు గానీ వాటితో ఏం సంబంధం లేదు.